నెలనెలా నొప్పి, కనిపించని బహిష్టు: ముందు చేయవలసింది వెలుపలి నుంచి చూసే పరీక్షా, స్కానింగా, ఎమ్మారైయా?

రొమ్ములు ఎదిగి రెండు మూడేళ్లయినా ఇంకా రజస్వల కాని అమ్మాయికి, నెలకొకసారి మూడు నాలుగు రోజులపాటు పొత్తికడుపులో మెలిపెట్టే నొప్పి వచ్చి దానంతట అదే తగ్గుతోందంటే, బహిష్టు లోపల మొదలై బయటికి దారి లేక నిలిచిపోతోందేమోనని అనుమానించాలి. 15 ఏళ్లు నిండేదాకా రజస్వల కోసం ఆగవచ్చన్నది నొప్పి లేని పిల్లల విషయంలో చెప్పే మాట. నెలనెలా నొప్పి ఉన్నప్పుడు అది వర్తించదు. దారి మూసుకుపోవడానికి ఎక్కువగా కనిపించే కారణం రంధ్రం లేని కన్నెపొర. దానికన్నా చాలా అరుదైనది యోని మధ్యలో అడ్డంగా ఏర్పడిన గోడ, అంటే అడ్డుపొర. పుట్టుకతోనే ఉన్న ఈ రెండింటినీ వేరుచేసి గుర్తించడానికి మూడు మార్గాలున్నాయి: వెలుపలి నుంచి చూసే పరీక్ష, పొట్టపై చేసే స్కానింగ్, ఎమ్మారై.

14 ఏళ్ల అమ్మాయి ఒకరిని ఉదాహరణగా ఊహించుకుందాం. అయిదు నెలలుగా నొప్పి వస్తోంది. మొదట గ్యాస్ మాత్రలు, తర్వాత మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అని యాంటిబయాటిక్స్ ఇచ్చారు. ఆరో నెలలో మూత్రం పూర్తిగా ఆగిపోవడంతో ఆసుపత్రికి తీసుకువెళ్తే గొట్టం వేసి మూత్రం తీసి, స్కానింగ్ చేసి, మూత్రాశయం వెనుక 10 సెంటీమీటర్ల నీటితిత్తి ఉందని, అది అండాశయానిది కావచ్చని రిపోర్టు ఇచ్చారు. ఆ తిత్తి నిజానికి పాత రక్తంతో ఉబ్బిన యోని. ముందు మూత్రనాళాన్ని, వెనుక పురీషనాళాన్ని నొక్కుతుంది కనుకనే మూత్రం ఆగడం, మలబద్ధకం, నడుము నొప్పి వస్తాయి. స్కానింగ్ చేసేవారికి "రజస్వల కాలేదు, నొప్పి నెలనెలా వస్తోంది" అన్న ఒక్క వాక్యం రాసి పంపకపోతే ఇలాంటి పొరపాటు జరగడం సులువు. అక్కడి నుంచి అనవసరంగా పొట్టపై ఆపరేషన్ దాకా పోవచ్చు. తిత్తి సరిగ్గా నడిమధ్యన ఉండి, అందులోని ద్రవం చిక్కగా కనిపిస్తూ, గర్భాశయం దాని పైకొన మీద కూర్చున్నట్టుంటే అది అండాశయానిది కాదు.

అందుకే నా లెక్కలో మొదటి స్థానం వెలుపలి నుంచి చూసే పరీక్షదే. దీనికి ఖర్చు లేదు, నిమిషాల్లో అయిపోతుంది, వేలు గానీ పరికరం గానీ లోపలికి పెట్టవలసిన పని లేదు. తల్లిని పక్కన ఉంచి, అమ్మాయికి ఏం చేయబోతున్నారో ముందే చెప్పి, ఆమె ఒప్పుకున్నాకే చూడాలి. కన్నెతనానికి ఏమవుతుందోనన్న భయంతో ఈ పరీక్షను వద్దనే కుటుంబాలు ఉన్నాయి కనుక, ఇది చూడడం మాత్రమేనని స్పష్టంగా చెప్పడం మేలు. యోనిద్వారం దగ్గర నీలిరంగు పొర ఉబ్బెత్తుగా ఉండి, అమ్మాయి దగ్గినప్పుడు ఇంకాస్త ముందుకు వస్తే, అది దాదాపుగా మూసుకుపోయిన కన్నెపొరే. ఆ ఉబ్బు లేకుండా ద్వారం మామూలుగా కనిపిస్తూ, కన్నెపొర అంచు, దాని మధ్య రంధ్రం కూడా సరిగ్గానే ఉంటే, అడ్డు ఇంకా పైన ఉందని అర్థం. చిక్కల్లా ద్వారానికి దగ్గరగా ఉన్న అడ్డుపొరతోనే, ఎందుకంటే అది కూడా ఉబ్బి కనిపించవచ్చు. అయితే దాని చుట్టూ కన్నెపొర అంచు విడిగా వలయంలా కనిపిస్తుంది.

స్కానింగ్ రెండోది. మూత్రాశయం నిండి ఉండగా పొట్టపై నుంచి చేస్తే రక్తం ఎంత నిలిచిందో, గర్భాశయం కూడా ఉబ్బిందో లేదో, రెండు మూత్రపిండాలూ ఉన్నాయో లేదో తెలుస్తుంది. కానీ అడ్డుపొర ఎంత మందమో, ద్వారం నుంచి ఎంత ఎత్తులో ఉందో అది నమ్మకంగా చెప్పలేదు. ఆ రెండు కొలతలూ, గర్భాశయ ముఖద్వారం అసలు ఏర్పడిందా లేదా అన్నదీ ఎమ్మారై చెబుతుంది. నిలిచిన రక్తాన్ని తీసేయకముందే దీన్ని చేయించాలి, ఎందుకంటే ఉబ్బిన యోని అడుగు అంచే గోడ ఎక్కడ మొదలవుతుందో చూపిస్తుంది. నీలిపొర స్పష్టంగా కనిపిస్తున్న అమ్మాయికి మాత్రం ఎమ్మారై దండగ.

ఈ తేడా చికిత్సను మార్చేస్తుంది. కన్నెపొర అయితే మత్తు ఇచ్చి కోసి, అదనపు పొరను తీసేస్తే సాధారణంగా ఒక్కసారితో పని పూర్తవుతుంది. మందమైన అడ్డుపొరను కన్నెపొర అనుకుని కోస్తే దారి మళ్లీ ముడుచుకుపోతుంది, పక్కనున్న మూత్రాశయానికీ పురీషనాళానికీ గాయమయ్యే ప్రమాదమూ ఉంది. అందుకే అడ్డుపొర మందంగా ఉన్నప్పుడు హార్మోన్ మందులతో బహిష్టును ఆపి ఉంచి, ఈ ఆపరేషన్లలో అనుభవమున్న వైద్యుల దగ్గరికి పంపడానికి వ్యవధి తీసుకోవడమే మేలు. తాత్కాలిక ఉపశమనం కోసం సూదితో రక్తం లాగడం రెండింటిలోనూ తప్పే: చిక్కటి రక్తం పూర్తిగా రాదు, మిగిలినది చీము పట్టవచ్చు.