బెంగళూరులో ‘ఊరెళ్లినా తెరుచుకుంటుంది’ అంటూ ఇంటి సర్వర్ అమ్ముతున్నారు, ఆ సెటప్‌తో జాగ్రత్త

ఇంట్లో ఫైళ్లు దాచి నెట్‌వర్క్ మీద అందించే నాస్ బాక్సు, హార్డ్ డిస్కులు, పైన ‘రిమోట్ యాక్సెస్ సెటప్’ కలిపి ప్యాకేజీగా అమ్మేవాళ్లున్నారు. బాక్సుతో పేచీ లేదు, పేచీ అంతా ఆ సెటప్‌తోనే. మారతహళ్లిలో ఒక తెలుగువాళ్ల ఫ్లాట్‌లో జరిగింది వరుసగా చూస్తే, డబ్బు కట్టేముందు ఎక్కడ ఆపి అడగాలో తెలుస్తుంది.

టెక్నీషియన్ వచ్చి, ఇంటి చిరునామా మారినా అదే పేరుతో దొరికేలా ఒక డీడీఎన్‌ఎస్ పేరు పెట్టాడు. బయటి నుంచి 5000 పోర్టుకు వచ్చేదంతా నాస్ చిరునామా 192.168.1.20కి వెళ్లేలా రౌటర్‌లో ఫార్వర్డ్ చేశాడు. ఇంటి వైఫైలోనే ఫోన్‌లో తెరిచి చూపించి డబ్బు తీసుకున్నాడు. ఇదొక పరీక్షే కాదు. చాలా రౌటర్లు లోపలి నుంచి వచ్చిన అభ్యర్థనను బయటికి పోనివ్వకుండా లోపలికే తిప్పేస్తాయి. వైఫై ఆపి, మొబైల్ డేటాలో తెరుచుకుంటేనే పైసలివ్వండి.

పండక్కి నెల్లూరు వెళ్లాక తెరుచుకోలేదు. కారణం ప్రొవైడర్ ఇచ్చిన రౌటర్ స్టేటస్ పేజీలోనే ఉంది: WAN IP, అంటే బయటి వైపు చిరునామా, 100.72తో మొదలవుతోంది. 100.64 నుంచి 100.127 వరకు ఉన్న చిరునామాలు సీజీనాట్‌వి, అంటే చాలా ఇళ్లకు ఒకే పబ్లిక్ చిరునామాను ప్రొవైడర్ పంచుతున్నాడు. అక్కడ మీ రౌటర్‌లో ఎన్ని పోర్టులు ఫార్వర్డ్ చేసినా, బయటి నుంచి వచ్చేది ప్రొవైడర్ దగ్గరే ఆగిపోతుంది. డీడీఎన్‌ఎస్ చేసేది పేరును చిరునామాకు ముడిపెట్టడమే, దారి వేయడం కాదు. కొనేముందే ఇంటి కంప్యూటర్‌లో ఇది కొట్టండి:

```
curl -4 ifconfig.me
```

వచ్చిన అంకెలూ ప్రొవైడర్ ఇచ్చిన రౌటర్ WAN IP అంకెలూ ఒకటి కాకపోతే ఆ ప్యాకేజీ మీకు పనికిరాదు.

టెక్నీషియన్ రెండోసారి వచ్చి, మారని పబ్లిక్ చిరునామా, అంటే స్టాటిక్ ఐపీ తీసుకోమన్నాడు. నెలనెలా అదనం కట్టి తీసుకున్నారు. (స్టాటిక్ ఐపీ ఉన్నప్పుడు డీడీఎన్‌ఎస్ అవసరమే లేదు. దానికి ఏడాది చందా మాత్రం బిల్లులో అలాగే ఉంది!) అయినా తెరుచుకోలేదు. ప్రొవైడర్ ఇచ్చిన పెట్టె వెనక సొంత రౌటర్ ఇంకొకటి ఉంది, ఫార్వర్డ్ రెండింటిలోనూ చేయాలి. అది వెతికే ఓపిక లేక రెండింటిలోనూ DMZ ఆన్ చేసి, చివరికి నాస్‌ను చూపించి వెళ్లిపోయాడు. వెంటనే తెరుచుకుంది. ఇంట్లో అందరూ సంతోషించారు.

అసలు ప్రమాదం అక్కడే మొదలైంది. వేరే నియమం లేని ప్రతి పోర్టునూ DMZ ఆ ఒక్క యంత్రానికే పంపేస్తుంది. అడ్మిన్ పేజీ, దూరం నుంచి ఆదేశాలిచ్చే ఎస్‌ఎస్‌హెచ్, ఫైల్ షేరింగ్ వాడే 445, అన్నీ వీధిలోకి వచ్చేశాయి. నాస్ లాగ్‌లో admin పేరుతో విఫలమైన లాగిన్లు ఊరూ పేరూ తెలియని చిరునామాల నుంచి వరుసగా పడుతున్నాయి. ‘మా పేరు ఎవరికి తెలుసు’ అనుకోవద్దు, దాడి చేసేవాళ్లు పేర్లు వెతకరు, అంకెలు వెతుకుతారు. మంచి గిగాబిట్ లైను మీద మొత్తం ఐపీవీ4 ప్రపంచాన్ని ఒక పోర్టు కోసం గంటలోపే స్కాన్ చేయొచ్చని 2013లోనే జీమ్యాప్ అనే స్కానింగ్ సాధనం చూపించింది. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ రాన్సమ్‌వేర్ ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న క్యూనాప్ కంపెనీ నాస్‌లలోని ఫైళ్లకు తాళం వేసింది. అప్పుడు కంపెనీ చెప్పిన మొదటి మాట కూడా పోర్ట్ ఫార్వర్డింగ్, పరికరాలే అడిగి రౌటర్‌లో పోర్టులు తెరిపించుకునే యూపీఎన్‌పీ ఆపేయమనే.

స్టాటిక్ లేకుండా మారే పబ్లిక్ ఐపీ ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు. కరెంటు పోయి వచ్చి చిరునామా మారాక, డీడీఎన్‌ఎస్ అప్‌డేట్ ఆగిపోయి ఉంటే ఆ పేరు ఇంకొకరి ఇంటికి చూపిస్తుంది. ఫోన్‌లోని యాప్ 5000 మీద మామూలు హెచ్‌టీటీపీతో లాగిన్ అయ్యేదైతే, అక్కడా 5000 మీద జవాబిచ్చేది ఏదైనా ఉంటే, మీ పాస్‌వర్డ్‌ను ఏ తాళమూ లేకుండా ఆ ఇంటి గుమ్మంలోకి పంపుతుంది.

సరిగ్గా చేయాలంటే ఒక్క యూడీపీ పోర్టు చాలు. రౌటర్‌లోగానీ రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీదగానీ వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పెట్టి, 51820 ఒక్కటే ఫార్వర్డ్ చేయాలి. సరైన కీ లేని ప్యాకెట్‌కు అది జవాబే ఇవ్వదు, కాబట్టి స్కాన్ చేసేవాడికి అక్కడ ఏదో ఉన్నట్టే కనిపించదు. ఫోన్ వైపు సెటప్‌లో ఇంటిని చూపించే భాగం:

```
[Peer]
PublicKey = <ఇంటి కీ>
Endpoint = <మీ పేరు>:51820
AllowedIPs = 192.168.1.0/24
```

ఇంటి చిరునామా మారితే ఫోన్‌లో టన్నెల్ ఆపి మళ్లీ వేయాలి, పేరును అది మొదట్లోనే చూసుకుంటుంది. సీజీనాట్ లైను మీద ఇది కూడా నడవదు. అక్కడ టెయిల్‌స్కేల్ లాంటివి మేలు, ఇంటి నుంచే బయటికి కనెక్షన్ పెట్టుకుంటాయి కాబట్టి ఏ పోర్టూ తెరవక్కర్లేదు.

ఇప్పటికే ఇలాంటి సెటప్ ఉన్నవాళ్లు ముందు రెండు పెట్టెల్లోనూ DMZ, యూపీఎన్‌పీ ఆపండి, ఫార్వర్డ్ జాబితాలో మీకు తెలియనివన్నీ తీసేయండి. పాస్‌వర్డ్ మార్చేది ఆ తర్వాతే. నాస్ వాడుకరుల జాబితాలో టెక్నీషియన్ తన కోసం పెట్టుకున్న ఖాతా ఏదైనా ఉందేమో కూడా చూడండి, మారతహళ్లి బాక్సులో support అనే పేరుతో అడ్మిన్ హక్కులున్న ఖాతా ఒకటి దొరికింది.