కవిత కోవిల ఎందుకు దాక్కుంది? ‘అణగిమణగీ’కి రెండు అర్థాల్లో ఏది మేలు?

గురజాడ ‘దేశభక్తి’ గేయం గురించి ఎప్పుడు మాట్లాడినా ఎవరో ఒకరు ఈ పాదం దగ్గర ఆపుతారు:

ఆకులందున అణగిమణగీ
కవిత కోవిల పలకవలెనోయ్

కోవిల అణగిమణగి ఎందుకుండాలి, ధైర్యంగా కొమ్మ చివర కూర్చుని కూయొచ్చుగా అని.

మొదటి అర్థం, భయంతో దాక్కోవడం. గేయం 1910 నాటిది. తెల్లవాళ్లు పత్రికల నోరు నొక్కే చట్టం తెచ్చిందీ ఆ ఏడాదే. కాబట్టి కవి దొరల కంట పడకుండా ఆకుల చాటు నుంచి పలకాలన్నాడని. పైగా ‘అణిగిమణిగి ఉండు’ అని మనం ఇంట్లో అనేది కూడా ఒకరికి లొంగి ఉండమనే. నేనూ చాలాకాలం ఇలాగే చదివాను.

రెండోది, తాను కనబడకుండా మాటనే వినిపించడం. అణగడానికి దాగడం అనే అర్థం ఎలాగూ ఉంది.

ఆకులంటే తాటాకులు, అంటే పుస్తకాలు అనేవాళ్లూ ఉన్నారు. పక్కనే వేరూ పూలూ ఉండగా ఆకులు మాత్రం గ్రంథాలెలా అవుతాయి? అది వదిలేద్దాం.

నాకు తేల్చింది క్రియలు. దేశమనే దొడ్డవృక్షం మొదలైన దగ్గర్నుంచి వరసగా చూడండి: ప్రేమలను పూలెత్తవలెను, ధనం పంటలు పండవలెను, కోవిల పలకవలెను, అభిమానాలు మొలకెత్తవలెను. నాలుగూ ఒకే రకం, నాలుగూ ఆయన కోరుకుంటున్నవే. చెట్టు పూసి కాసి నిండుగా నిలబడ్డాక కూడా కోవిల భయపడుతూనే ఉండాలని ఎవరైనా కోరుకుంటారా? భయం అనే అర్థం తీసుకుంటే నాలుగింట్లో ఇదొక్కటే ఏడుపు కోరిక అవుతుంది.

ఇక వెనక్కి వెళ్తే, మొదట్లోనే ‘వొట్టి మాటలు కట్టిపెట్టోయ్’ అన్నాడు, తర్వాత దేశాభిమానం నాకు కద్దని గొప్పలు చెప్పుకోకు అన్నాడు. మరి మాటలే పనిగా పెట్టుకున్న కవి సంగతేంటి? దానికి జవాబు ఈ కోవిలే అనిపిస్తుంది నాకు. నేను నేను అనకుండా చాటున ఉండి పలుకుతుంది. వెంటనే వచ్చే పాదం కూడా ‘పలుకులను విని’ అనే అంటుంది, కోవిలను చూసి అనదు.

భయం వైపు వాదనకు గేయంలో ఆసరా వెతికాను. దేశి సరుకులు నింపమనడం ఒక్కటే కాస్త అటు మొగ్గుతుంది, అదీ గట్టిగా, బాహాటంగా అన్నదే. దేశం మూలుగులు పీల్చేసిన పిశాచి ఎవరంటే దొరను కాదు, మన ఓర్వలేమిని చూపించాడు.

1910 సంగతి అబద్ధమని కాదు. ఆ భయం ఊళ్లో ఉంది, ఈ పాదంలో లేదు.