ఆర్చి ఎత్తు: వర్గమూలమా, షార్ట్‌కట్టా?

విజయవాడ ఆటోనగర్‌లో గేటు ఆర్చి చేయిస్తున్నామనుకోండి. డ్రాయింగ్‌లో వ్యాసార్థం R = 1500 మి.మీ., జ్యా c = 2400 మి.మీ. ఉన్నాయి. జ్యా మధ్య నుంచి చాపం దాకా ఉండే ఎత్తు s మాత్రం లేదు.

షెడ్డుల్లో చాలామంది వాడే షార్ట్‌కట్ ఇది:

`s ≈ c²/(8R)`

దీంతో 480 వస్తుంది. పైథాగరస్ సూత్రం నుంచి వచ్చేది ఇది:

`s = R − √(R² − (c/2)²)`

1500 వర్గంలోంచి 1200 వర్గం తీసేస్తే 8,10,000 మిగులుతుంది. దాని వర్గమూలం 900, కాబట్టి ఎత్తు 600. తేడా ఏకంగా 120 మి.మీ.! పైపు వంచాక ఇది బయటపడితే ఆ పైపు వృథానే.

అలాగని షార్ట్‌కట్ పనికిరానిదేం కాదు. అదే వ్యాసార్థానికి జ్యా 600 అయితే అది 30 ఇస్తుంది, అసలు ఎత్తు 30.3. షార్ట్‌కట్‌లో తగ్గే కొలత ఎప్పుడూ సరిగ్గా `s²/(2R)`, ఇక్కడ s అంటే అసలు ఎత్తు. అందుకే చదునైన వంపుకి షార్ట్‌కట్ చాలు, లోతైన ఆర్చికి వర్గమూలమే వాడాలి.

కోసేముందు ఒక్కసారి వెనక్కి లెక్కేయండి:

`R = c²/(8s) + s/2`

480 పెడితే వ్యాసార్థం 1740 వస్తుంది, 600 పెడితేనే 1500. ఎత్తు కనుక్కునే పై రెండు సూత్రాలూ అర్ధవృత్తం దాటని చాపానికే. దాటితే వర్గమూలం ముందు ప్లస్ పెట్టాలి.