డాబా మీద సోలార్: రెండు కిలోవాట్లా, మూడా?

భీమవరంలో నెలకు 350 యూనిట్లు వాడే ఇల్లు, బిల్లు దాదాపు 2,100 అనుకుందాం. కిలోవాట్ సోలార్‌కు నెలకు సుమారు 120 యూనిట్లు వస్తాయి.

రెండు కిలోవాట్లు: కొటేషన్ 1.4 లక్షలైతే, 60 వేల సబ్సిడీ పోను 80 వేలు. నెలకు 1,750 మిగులు, నాలుగేళ్లలోపే గిట్టుబాటు.

మూడు: రెండు లక్షల్లో 78 వేల సబ్సిడీ పోతే 1.22 లక్షలు. మిగులు 2,100, దాదాపు ఐదేళ్లు.

అసలు మెలిక మూడో కిలోవాట్‌లో ఉంది. మొదటి రెండూ 8.75 రూపాయల ఖరీదైన స్లాబును తీసేస్తాయి. మూడోది తగ్గించేది అడుగు స్లాబుల చవక యూనిట్లనే. అందుకే ఆ అదనపు 42 వేలు తిరిగి రావడానికి పదేళ్లు!

కొత్తగా ఏసీ పెట్టేవాళ్లకు మూడు. కొబ్బరి నీడ మధ్యాహ్నం డాబా మీద పడేవాళ్లకు, ముందు నీడ సంగతి చూశాకే ఏదైనా.