బిబ్ నంబర్లకు గూగుల్ షీట్స్: కొన్నేళ్లు వాడాక నా సమీక్ష

తిరుపతిలో మా రన్నర్ల గ్రూపు ఏటా పెట్టే 5కె, 10కె పరుగుకి, రన్నర్లు ఛాతీ మీద పెట్టుకునే బిబ్ నంబర్లు, వయసు కేటగిరీలు వేసే పని కొన్నేళ్లుగా నేనే చూస్తున్నాను. రిజిస్ట్రేషన్ పేజీ నుంచి దించుకున్న సీఎస్‌వీ ఫైలు, గూగుల్ షీట్స్ తప్ప వేరే సాఫ్ట్‌వేర్ ఏదీ వాడలేదు. కొన్ని వందల మంది వచ్చే పరుగుకి ఇది హాయిగా సరిపోతుంది. అయితే పుట్టిన తేదీల కాలమ్‌ని మాత్రం అస్సలు నమ్మకూడదు.

ఫారమ్‌లో వయసు అడగకండి, పుట్టిన తేదీ అడగండి. మన దగ్గర వయసు అడిగితే చాలామంది నడుస్తున్న ఏడే చెబుతారు. "నలభై ఐదు నడస్తా ఉంది సార్" అంటే ఆయనకు నిండినవి 44. పైగా రిజిస్ట్రేషన్ రెండు నెలల ముందే మొదలవుతుంది, ఈలోగా కొందరికి పుట్టినరోజు వచ్చేస్తుంది. అందుకే పరుగు రోజుకి నిండిన ఏళ్లనే లెక్కలోకి తీసుకుంటాం. పరుగు తేదీని H1 గడిలో =DATE(2025,8,10) అని రాసి, ప్రతి వరుసలో ఈ రెండు ఫార్ములాలు పెడతాను:

```
=DATEDIF(E2,$H$1,"Y")
=VLOOKUP(F2,cats!A:B,2,TRUE)
```

మొదటిది E కాలమ్‌లోని పుట్టిన తేదీ చూసి F కాలమ్‌లో నిండిన ఏళ్లు ఇస్తుంది. రెండోది cats అనే షీట్‌లో 0, 18, 35, 45, 55 అని చిన్నదాని నుంచి పెద్దదానికి రాసుకున్న హద్దులు చూసి కేటగిరీ తెస్తుంది. సరిగ్గా పరుగు రోజే 45 నిండినవాళ్లు 45–54లోకి వెళ్తారు, ఫార్ములా కూడా అదే చెబుతుంది. ఇంతవరకు ఏ ఇబ్బందీ లేదు.

అసలు చిక్కు తేదీ చదివే తీరులో ఉంది. షీట్ సెట్టింగ్స్‌లో లొకేల్ అమెరికా అని ఉంటే 07/09/1980ని జూలై 9గా తీసుకుంటుంది. మనవాళ్లు రాసింది సెప్టెంబర్ 7. ఆగస్టు 10న పరుగైతే ఈ రన్నర్‌కి నిజంగా 44 ఏళ్లు, 35–44లో ఉండాలి. షీట్ మాత్రం 45 అని చూపించి పై కేటగిరీలో వేస్తుంది. ఎర్రర్ ఏమీ రాదు కాబట్టి ఎవరి కంటా పడదు. అదే 23/09/1980 అయితే 23వ నెల ఉండదు గనుక తేదీగా మారక మామూలు అక్షరాల్లాగే ఉండిపోతుంది, వయసు గడిలో #VALUE! కనిపిస్తుంది.

చాలామంది ఆ #VALUE! గడులను మాత్రం చేత్తో దిద్ది పని అయిపోయింది అనుకుంటారు. నిజానికి ఆ ఎర్రర్లు మనకు మేలు చేస్తున్నాయి, మిగతా తేదీలు కూడా తారుమారయ్యాయని చెబుతున్నాయి. గుర్తుపట్టడం సులువే: తేదీగా మారినవి గడిలో కుడివైపుకి, మారనివి ఎడమవైపుకి జరిగి ఉంటాయి. కుడివైపు వాటిలో రోజు ఎక్కడా 12 దాటలేదంటే మొత్తం కాలమ్ తప్పు. తర్వాత లొకేల్ మార్చినా ఒకసారి మారిపోయిన తేదీలు వెనక్కి రావు. ఆ షీట్ తీసేసి, కొత్త షీట్‌లో ముందు లొకేల్ ఇండియా అని పెట్టి, ఫైలు మళ్లీ దిగుమతి చేసుకోవాలి. నేను ఇప్పుడు ఎప్పుడు ఫైలు తెరిచినా ముందు ఈ ఒక్కటి చూస్తాను.

వయసు 0 అని వస్తే ఫోన్‌లో సంవత్సరం మార్చకుండా వదిలేశారని అర్థం. కొన్ని పాత ఆధార్ కార్డుల మీద పుట్టిన సంవత్సరం మాత్రమే ఉంటుంది, అలాంటివాళ్లను పదో తరగతి సర్టిఫికెట్ చూపించమంటాం.

బిబ్ నంబర్లు కేటగిరీని బట్టి కాకుండా దూరాన్ని బట్టి ఇవ్వాలన్నది నా గట్టి అభిప్రాయం. తేదీ దిద్దితే కేటగిరీ మారుతుంది, అచ్చయిన బిబ్ మారదు. 10కెకి 1001 నుంచి, 5కెకి 3001 నుంచి ఇస్తాం. 0001తో మొదలుపెడితే షీట్ ముందున్న సున్నాలు తీసేస్తుంది.

```
=1000+COUNTIF(D$2:D2,"10K")
```

D కాలమ్‌లో దూరం 10K అని ఉన్న వరుసల్లో ఈ ఫార్ములా నంబర్లు చక్కగా ఇస్తుంది, కానీ ఎవరైనా పేర్ల వరుసలో సార్ట్ చేశారంటే నంబర్లన్నీ చేతులు మారతాయి. టైమింగ్ చిప్ బిబ్ వెనకే అతికించి ఉంటుంది. జాబితా టైమింగ్ వాళ్లకు పంపాక నంబరు మారితే ఒకరి టైము ఇంకొకరి పేరు మీద వస్తుంది. అందుకే రిజిస్ట్రేషన్ మూసిన రోజే ఆ కాలమ్‌ని కాపీ చేసి Ctrl+Shift+Vతో విలువలుగా అతికించి, ఎవరూ మార్చకుండా ప్రొటెక్ట్ చేస్తాను. ఆ తర్వాత 10కెకి వచ్చినవాళ్లకు 1901 నుంచి విడిగా ఉంచిన నంబర్లే.

ఒకే మనిషి రెండుసార్లు నమోదైతే షీట్‌లోని డూప్లికేట్లు తీసే సదుపాయం పనికొస్తుంది. కానీ ఫోన్ నంబరు ఒక్కటే చూసి తీయకండి. రేణిగుంట, పుత్తూరు నుంచి వచ్చే కుటుంబాల్లో నాన్న ఫోన్‌తోనే భార్యాపిల్లలందరి పేర్లూ ఉంటాయి. పేరు, పుట్టిన తేదీ, ఫోన్ మూడూ కలిస్తేనే తీసేయాలి. అలాంటి కుటుంబాల్లో పిల్లల పుట్టిన తేదీ దగ్గర నాన్న తేదీయే ఉందేమో ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి.