సరళి, జంట, అలంకారం: ఏళ్ల వాడకం తర్వాత ఈ పాఠక్రమం మీద సమీక్ష

తిరుపతిలో పిల్లల్ని కర్ణాటక సంగీతానికి చేర్పించిన వాళ్లు రెండు మూడు నెలలు తిరక్కుండానే అడిగే మాట ఒకటుంది. "అన్నమయ్య కీర్తన ఎప్పుడు మొదలుపెడతారండీ?" ఊరు అలాంటిది, అడగడంలో తప్పేం లేదు. పాటకు ముందు నేర్పే సరళి, జంట, అలంకారాల్లో ఆ తొందరకు కోత పడేది మాత్రం ఎప్పుడూ జంట స్వరాల మీద, అలంకారాల మీదే. సరళీ స్వరాలు ఎలాగోలా పూర్తవుతాయి. జంటలు నాలుగైదు చెప్పి వదిలేస్తారు. అలంకారాలు మొదటి కాలంలో, అంటే అన్నిటికన్నా నెమ్మది నడకలో, ఒకసారి పాడించి గీతమనే చిన్న పాటకు వెళ్లిపోతారు. (చిత్తూరు వైపు తమిళ పుస్తకం పెట్టుకుని చెప్పేవాళ్లు వీటినే సరళి వరిశై, జంట వరిశై అంటారు. పాఠాలు అవే.) ఏళ్ల తరబడి ఇదే క్రమంలో చెప్పి చూశాక మా అభిప్రాయం ఇది: క్రమంలో లోపం లేదు, కోత పెట్టే చోటే తప్పు.

సరళి చేసే పని స్వరస్థానం కుదర్చడం. పాఠాలన్నీ మాయామాళవగౌళ రాగంలోనే ఉంటాయి. అందులో రి స్వరం స పక్కనే ఉంటుంది, గ మాత్రం రి నుంచి బాగా ఎడంగా ఉంటుంది. ఆ ఎడం గొంతుకి కొత్త. అందుకని పిల్లలు తెలియకుండానే రి ని కాస్త పైకి జరిపి, గ ని కాస్త కిందికి దించి, మెట్లు సమానం చేసేసుకుంటారు. ఎక్కేటప్పుడు ఇది అంతగా తెలియదు. దిగేటప్పుడు "మ గ రి స" దగ్గర రి తేలిపోతూ దొరికిపోతుంది. రెండో పాఠం "స రి స రి | స రి | గ మ" అని ఉండడం ఇందుకే పనికొస్తుంది. స, రి మధ్య మూడుసార్లు తిరిగాక గానీ గ కి వదలదు. తంబూరా శ్రుతి పెట్టి దీన్ని నెమ్మదిగా పాడిస్తే రి తన చోట కూర్చుంటుంది.

పై సగం సరిచూసుకోవడానికి ఒక సులువుంది. ఈ రాగంలో "స రి గ మ" ఎలా నడుస్తుందో "ప ధ ని స" కూడా సరిగ్గా అలాగే నడుస్తుంది. కింది నాలుగు పాడి, అదే వరసని ప నుంచి పాడమంటే ధ, ని ఎక్కడ తప్పాయో పిల్లలకే వినిపిస్తుంది. ఐదో పాఠం ప మీద ఆగుతుంది, ఏడోది ని మీద ఆగుతుంది. ప మీద ఆగడం తేలిక, తంబూరా చెయ్యి పట్టుకుంటుంది. ని మీద రెండు అక్షరాలు కదలకుండా నిలవడం కష్టం, పైనున్న తారషడ్జం లాగేస్తూ ఉంటుంది. ఏడో పాఠంలో ని నిలిచిందంటే సరళి పని చాలావరకు అయినట్టే. మిగతా పాఠాలన్నీ మూడు కాలాల్లో నున్నగా వచ్చేదాకా జంట మొదలుపెట్టకూడదనే పట్టింపు మాకు లేదు. ఏడోది రెండు కాలాల్లో నిలవగానే జంట మొదలుపెట్టి, రెండూ పక్కపక్కన నడిపిస్తాం.

జంట స్వరాలు చూడ్డానికి "స స రి రి గ గ మ మ", అంతే. కిటుకంతా రెండో స్వరంలో ఉంది. మొదటి రి మామూలుగా పలకాలి. రెండో రి ని గొంతు తెంచకుండా, కింది స్వరాన్ని లిప్తపాటు తాకి, అక్కడి నుంచి ఊనిక ఇచ్చి పలకాలి. దాన్నే స్ఫురితం అంటారు. దిగేటప్పుడు పై స్వరాన్ని తాకితే ప్రత్యాహతం. "మ మ" లో తాకాల్సిన గ పక్కనే ఉంది కాబట్టి తొందరగా వస్తుంది. "గ గ" లో తాకాల్సిన రి దూరం, అందుకే అందరూ మధ్యలో ఎక్కడో గాల్లో తాకి వచ్చేస్తారు. ముందు "గ, రి గ" అని విడదీసి పాడించి, ఆ మధ్య రి ని క్రమంగా చిన్నది చేసుకుంటూ పోతే సరిపోతుంది.

జంటలో ఎక్కువగా కనిపించే తప్పులు రెండు. మొదటిది, రెండు స్వరాలూ కలిసి ఒకే దీర్ఘమైపోవడం. "సస" కాస్తా "సా" అవుతుంది. రెండోది, గొంతు మూసి మళ్లీ తెరవడం. అప్పుడు మధ్యలో "హ" లాంటి గాలి వినిపిస్తుంది, పది నిమిషాలకే గొంతు బిగుస్తుంది. పొట్ట మీద చెయ్యి వేసి పాడితే రెండో స్వరానికి అక్కడ చిన్న అదురు తగలాలి. అదురు తగలక మెడ నరాలు తేలుతుంటే ఊనిక గొంతులోంచి వస్తోందన్నమాట. అప్పుడు కాలం తగ్గించడం తప్ప దారి లేదు.

ఇక అలంకారాలు. ఏడు తాళాలు, ఏడు పాఠాలు. ఇక్కడ స్వరం కొత్తది కాదు, కొత్తదల్లా చెయ్యి. సరళి, జంట రెండూ ఆది తాళంలోనే కదా, వరస మొదలైన చోటే దెబ్బ పడుతుంది, చెయ్యి గొంతు వెంట నడిచిపోతుంది. అలంకారంలో మొదటి కాలం వరకూ ఇదే సుఖం. రెండో కాలంలో అది పోతుంది. త్రిపుట తాళం అలంకారం తీసుకోండి:

స రి గ | స రి | గ మ ||
రి గ మ | రి గ | మ ప ||

తాళానికి ఏడు అక్షరాలు: దెబ్బ, రెండు వేళ్లు, తర్వాత రెండు ద్రుతాలు, అంటే దెబ్బా తిప్పూ రెండుసార్లు. రెండో కాలంలో అక్షరానికి రెండేసి స్వరాలు కాబట్టి పై రెండు వరసలూ ఒక ఆవర్తనంలో, అంటే తాళం ఒక చుట్టులో, ఇమడాలి. చేతి కింద పెట్టి చూస్తే ఇలా పడతాయి:

సరి గస రిగ | మరి గమ | రిగ మప ||

మొదటి ద్రుతం దెబ్బ మొదటి వరసలోని ఆఖరి మ మీద పడుతుంది. రెండో వరస మొదలయ్యే రి కి చేతిలో ఏమీ ఉండదు, దెబ్బకీ తిప్పుకీ నడిమధ్య ఎత్తుకోవాలి. పిల్లలు ఇక్కడే మ ని సాగదీసి, రి ని తర్వాతి క్రియ మీదికి తెచ్చుకుంటారు. గొంతుకు హాయిగానే ఉంటుంది. కానీ రెండు వరసలు అయ్యేసరికి ఆవర్తనం మొదలయ్యే సమం దాటిపోయి ఉంటారు. లేదా లెక్క సరిపెట్టుకోవడానికి చేతిని ఒక క్షణం ఆపుతారు. పాట వినడం మానేసి చెయ్యిని మాత్రం చూస్తే ఆ ఆగడం కనిపిస్తుంది.

మూడో కాలంలో ఇంకో చిక్కుంది. ఎక్కేవి ఐదు, దిగేవి ఐదు, మొత్తం పది వరసలు. ఆవర్తనానికి నాలుగు వరసలు చొప్పున ఇవి రెండున్నర ఆవర్తనాలకు అయిపోతాయి, అంటే మొదటి ద్రుతం దెబ్బ పడ్డాక అరక్షరానికి. అక్కడ ఆపేస్తే తాళం తెగినట్టే. పది వరసలూ రెండోసారి పాడితేనే ఐదు ఆవర్తనాలు నిండి సమానికి వస్తారు. ఎందుకు రెండుసార్లు పాడాలో చెప్పకుండా "ఇంకోసారి" అని మాత్రం అనే మాస్టార్ల దగ్గర పిల్లలు దీన్ని శిక్ష అనుకుంటారు.

లయ యంత్రం పెట్టుకుంటే నిమిషానికి 60 దెబ్బల దగ్గర మొదలుపెట్టకండి. ఆ నడకలో మూడో కాలం అంటే సెకనుకు నాలుగు స్వరాలు, కొత్తవాళ్లకు స్థానాలు చెదిరిపోతాయి. 40 చాలు. త్రిపుటకి అసలు యంత్రం లేకుండా, ఎవరైనా ఎదురుగా కూర్చుని తాళం వేస్తూ ఉంటే ఇంకా మేలు.

అలంకారాల్లో కోత ఎక్కడ బయటపడుతుందో కూడా చెప్పాలి. మొదటి గీతం "శ్రీ గణనాథ" లో పడదు. అది రూపకం, ఆరక్షరాలు, చెయ్యి సులువుగా సర్దుకుంటుంది. అదే మలహరిలో తర్వాత వచ్చే "కెరెయ నీరను" త్రిపుటలో ఉంది. అలంకారం మొదటి కాలంతో సరిపెట్టుకున్న పిల్లలకు సాహిత్యం నోటికి వచ్చేసి ఉంటుంది, స్వరమూ వచ్చి ఉంటుంది, తాళం వేసే చెయ్యి మాత్రం మధ్యలో ఆగిపోతుంది. అప్పుడు గీతం పక్కన పెట్టి, త్రిపుట అలంకారం రెండో కాలానికి వెనక్కి వెళ్లడమే.