ఆఫీసు పక్క క్రెషా, ఇంటి పక్క క్రెషా: ప్రసూతి సెలవు అయ్యాక ఏది మేలు?

క్రెష్ ఎంచుకునేటప్పుడు అందరూ ముందు అడిగేది ఫీజు ఎంత అని. నన్నడిగితే ముందు లెక్కేయాల్సింది పాలు.

మా ఆడపడుచు సంగతే చూడండి. 26 వారాల సెలవులో 4 వారాలు కాన్పుకు ముందే వాడుకుంది. (8 వారాల దాకా అలా వాడుకోవచ్చు.) తిరిగి డ్యూటీలో చేరే రోజుకు బాబుకు 22 వారాలు, అంటే ఐదు నెలలు. ఇంకా అన్నప్రాశన కూడా కాలేదు, ఆకలంతా పాలతోనే తీరాలి. ఇల్లు కూకట్‌పల్లి, ఆఫీసు రాయదుర్గం. కంపెనీ ఒప్పందం చేసుకున్న క్రెష్ ఆఫీసు పక్క బిల్డింగులోనే ఉంది. ఇంటి వీధిలో ఇంకోటి ఉంది, ఫీజు తక్కువ.

ఇంటి దగ్గర క్రెష్ అనుకుందాం. ఉదయం ఎనిమిదిన్నరకు బిడ్డను దింపితే మళ్లీ ఎత్తుకునేది రాత్రి ఏడుకు. పదిన్నర గంటలు. ఈలోపు ఆ వయసు బిడ్డ మూడు నాలుగు సార్లు తాగుతాడు. అన్నిసార్లకూ పిండిన పాలు సిద్ధంగా ఉండాలి. రేపటి పాల కోసం తల్లి ఆఫీసులో కనీసం మూడుసార్లు పంపు చేయాలి. సర్దుకుని, కడుక్కుని వచ్చేసరికి ప్రతిసారీ అరగంట. చట్టం ఇచ్చే పాల విరామాలు, భోజన విరామం కాకుండా, రోజుకు రెండే. నిబంధనల్లో సాధారణంగా ఒక్కోటి 15 నిమిషాలు. మిగతాదంతా లంచ్ టైమ్‌లోంచి కోసుకోవాలి. గడియ ఉన్న గది, ప్లగ్ పాయింట్, ఫ్రిజ్ కావాలి. వాష్‌రూమ్‌లో చేసుకోమంటే ఆ ఆఫీసులో ఈ దారి మరిచిపోండి. పిండిన పాలు ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటాయి, బయట నాలుగు గంటలే, అదీ 25 డిగ్రీల లోపు. మన ఏప్రిల్ ఎండల్లో ఐస్ ప్యాక్ సంచీ లేకుండా ఇల్లు చేరవు.

ఆఫీసు పక్క క్రెష్ అయితే లెక్క మారిపోతుంది. అక్కడికి రోజుకు నాలుగుసార్లు వెళ్లిరావచ్చని చట్టమే చెబుతోంది, విశ్రాంతి విరామం కూడా ఈ నాలుగులోనే కలుస్తుంది. తొమ్మిదింబావుకు పాలిచ్చి సీట్లో కూర్చుంటే, పదకొండున్నర, ఒకటిన్నర, నాలుగు గంటలకు మళ్లీ ఇవ్వొచ్చు. పంపు, సీసాల గొడవ లేదు. చట్టం ఇచ్చే ఆ రెండు పాల విరామాలకు జీతం కోయకూడదు. ఇబ్బందల్లా ప్రయాణం. అమీర్‌పేటలో మెట్రో మారుతూ చంటిబిడ్డతో రోజూ రెండు పూటలంటే మాటలు కాదు. కంపెనీ క్యాబ్‌లో బిడ్డను ఎక్కించుకుంటారో లేదో ముందే అడగాలి, చాలాచోట్ల ఒప్పుకోరు. ఆమెకు జ్వరమొచ్చి సెలవు పెట్టిన రోజు బిడ్డకూ క్రెష్ లేనట్టే.

వర్క్ ఫ్రమ్ హోమ్ మూడో దారి. దాన్ని చాలామంది హక్కు అనుకుంటారు. చట్టంలో ఉన్నది, పని స్వభావం వీలిస్తే, సెలవు తర్వాత ఇద్దరూ ఒప్పుకున్న షరతుల మీద చేయవచ్చని మాత్రమే. కంపెనీ కాదంటే బలవంతం చేయలేం. పైగా బిడ్డను ఎత్తుకునే మనిషి ఇంట్లో లేకపోతే మీటింగ్ సగంలో ఏడుపు మొదలవుతుంది. అత్తగారో అమ్మో ఉంటేనే ఇది దారి.

అందుకే నా ఓటు ఆఫీసు పక్క క్రెష్‌కే, బిడ్డకు తొమ్మిది పది నెలలు వచ్చేదాకా. తర్వాత ఉగ్గు, పప్పన్నం అలవాటై పగటి పాలు తగ్గుతాయి, అప్పుడు ఇంటి దగ్గరికి మార్చుకుంటే ప్రయాణం బాధ తప్పుతుంది. పాల విరామాల హక్కు బిడ్డకు 15 నెలలు నిండేదాకా ఉంటుంది. అయితే ఒక వైపు ప్రయాణమే గంట దాటితే, ఆఫీసులో పంపు గది బాగుంటే, నేను మొదటి రోజు నుంచే ఇంటి క్రెష్ అంటాను.

ఇక హెచ్‌ఆర్ దగ్గర వినిపించే ఒక మాట: "మన దగ్గర ఆడవాళ్లు తక్కువ, క్రెష్ అక్కర్లేదు." 30 మందికి మించి మహిళలు ఉండాలన్నది పాత ఫ్యాక్టరీల చట్టం లెక్క. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో వచ్చిన సవరణ నుంచి ఆడా మగా కలిపి 50 మంది ఉద్యోగులుంటే క్రెష్ వసతి కల్పించాల్సిందే. దాని స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ 50 అలాగే ఉంది. నాలుగైదు సంస్థలు కలిసి ఒకే క్రెష్ నడిపినా సరిపోతుంది.

సెలవులో ఉండగా ఉద్యోగంలోంచి తీసేయడం, ఆమెకు నష్టం కలిగేలా షరతులు మార్చడం కూడా చట్టవిరుద్ధం. కాబట్టి చేరడానికి నెల ముందే హెచ్‌ఆర్‌కు ఒక మెయిల్ పెట్టండి: చేరే తేదీ, పాత హోదా, పాత జీతం, క్రెష్ ఎక్కడ, ఫీజు ఎవరు కడతారు, ఏయే వేళల్లో విరామం కావాలి. ఫోన్‌లో "చూద్దాంలేమ్మా" అంటే సరే అని పెట్టేసి, ఆ మాటే మెయిల్‌లో రాసి జవాబు అడగండి.